కన్వర్టిబుల్ బాండ్‌కి "కింద నేల ఉంటుంది" అంటారు, నిజమేనా?

కృష్ణాతీరం: మైక్రోస్ట్రాటజీ 2024 నవంబర్‌లో అమ్మిన 0% కన్వర్టిబుల్ బాండ్ చూస్తున్నా, అంటే వడ్డీ ఉండదు, కావాలంటే షేర్లుగా మార్చుకోవచ్చు. 1000 డాలర్ల బాండ్‌కి 1.4872 షేర్లు, అప్పుడు షేరు 433.80. షేరు ఎంత పడినా బాండ్ ధర ఉత్త అప్పుగా దానికుండే విలువ దగ్గర ఆగుతుందంటారు, ఆ నేలని నమ్మొచ్చా?

బుల్లోడు_99: గుణించి చూడు బ్రో, షేర్లుగా మార్చుకుంటే చేతికొచ్చేది 645. 1000 పెట్టి 645 కొనడమంటే 355 గోవిందా, 55% ప్రీమియం అంటే అదే.

లెక్కల మాస్టారు: 55% కరెక్టే, కానీ 355 పోయినట్టు కాదు తమ్ముడూ. మార్చుకోకుండా ఉంచుకుంటే 2028 జూన్ 1న కంపెనీకే తిరిగిచ్చేసి 1000 అడిగే హక్కుంది. మూడున్నరేళ్ల తర్వాత వచ్చే ఆ 1000ని 8% తో వెనక్కి లెక్కేస్తే బాండ్ అమ్మిన రోజుకి 764, అంటే షేరు పెరుగుతుందన్న ఆశకి నువ్వు కట్టింది 236 మాత్రమే. చిక్కంతా ఆ 8% దగ్గరే, అది నేను అనుకున్న రేటు, బాండ్ మీద రాసి ఉండదు. షేరు 150కి పడిందనుకో, మార్చుకుంటే వచ్చేది 223, దాన్నెవడూ పట్టించుకోడు, కానీ షేరు అంత పడిందంటే కంపెనీ పరిస్థితి బాలేదని అప్పిచ్చేవాళ్లు కూడా 8 కి ఒప్పుకోరు, 14 అడిగితే నేల 632కి, 20 అడిగితే 528కి దిగుతుంది. షేరుతో పాటే నేలా కుంగుతుందన్నమాట.

శ్రీలక్ష్మి_కాకినాడ: మా నాన్నగారి దగ్గర ఒక కంపెనీవి కన్వర్టిబుల్ డిబెంచర్లు ఉండేవండి, గడువు రాగానే వాళ్లే షేర్లుగా మార్చేశారు, ఆ షేరు చూస్తే సగానికి పడిపోయి ఉంది. నేలా లేదు ఏమీ లేదు.

లెక్కల మాస్టారు: అవి తప్పనిసరిగా మారేవి అయ్యుంటాయమ్మా. అసలు డబ్బు తిరిగివ్వాల్సిన పనే లేనప్పుడు నేల ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇక్కడ అడుగుతున్నది మార్చుకోవడం మన ఇష్టమైన బాండ్ గురించి.

బుల్లోడు_99: సరే 236 ఒప్పుకున్నా. అయినా గడువుదాకా ఓపిక పడితే 1000 వస్తుంది కదా మాస్టారూ, మధ్యలో 528 చూపిస్తే మనకేంటి?

లెక్కల మాస్టారు: కంపెనీ దగ్గర డబ్బుంటే వస్తుంది. 2012 అక్టోబర్‌లో సుజ్లాన్ 20 కోట్ల డాలర్ల పైచిలుకు ఇలాంటి విదేశీ బాండ్లు కట్టలేక చేతులెత్తేసింది. షేరు మార్పిడి ధరకి దరిదాపుల్లో లేదు, మార్చుకుంటే దండగ, ఇంకో నాలుగు నెలలు గడువిమ్మంటే బాండ్లవాళ్లు ఒప్పుకోలేదు. నేల అవసరమైన రోజునే అది లేదు. మైక్రోస్ట్రాటజీ బాండ్‌కీ విడిగా తాకట్టేం లేదు.

డాలస్_వెంకట్: తాకట్టు లేకపోయినా కంపెనీ దగ్గర అప్పులకి మించి బిట్‌కాయిన్ ఉందిగా, అమ్మి కట్టేస్తారు. నా లెక్కలో 8 కూడా ఎక్కువే, 6 వేయాలి. అన్నట్టు ఇది పెద్ద సంస్థలకే అమ్మారు, మనలాంటోళ్లకి నేరుగా దొరకదు.

లెక్కల మాస్టారు: బిట్‌కాయిన్ పడితేనే ఆ షేరూ పడేది వెంకట్ గారూ, మీరు అమ్మి కడతారనేది కూడా ఆ బిట్‌కాయిన్‌నే. 6 కి నేనొప్పుకోను.

డాలస్_వెంకట్: అప్పుకి ఎన్ని రెట్లుందో చూసి మాట్లాడండి సార్, సగానికి పడినా సరిపోతుందేమో.

కృష్ణాతీరం: అయితే ముందు 2028 జూన్‌కి వీళ్లు మొత్తం ఎంత కట్టాలో, అంతకన్నా ముందు కట్టాల్సినవి ఏమున్నాయో తీస్తా. రేటు సంగతి ఆ తర్వాతే.