హౌస్‌కీపింగ్ కాంట్రాక్టులో సీపీఐ క్లాజు: 2026-27 బడ్జెట్‌లో అదనంగా ఎంత వేయాలి?

శ్రీను, విజయనగరం

అందరికీ నమస్కారం. ఇక్కడ ఒక ట్రస్టు ఆసుపత్రిలో అకౌంట్స్ చూస్తాను. హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ రెండూ కలిపి ఒకే ఏజెన్సీకి మూడేళ్లకు ఇచ్చాం. 2024 జులై 1 నుంచి 2027 జూన్ 30 దాకా. నెలకు 4,00,000, జీఎస్టీ వేరే. అగ్రిమెంటులో సీపీఐని, అంటే వినియోగ ధరల సూచికను బట్టి రేటు పెంచడం గురించి ఉన్నది ఇదీ:

"ప్రతి జులై 1న రేటు సవరించబడును. రేటులో 20 శాతం స్థిరము. మిగిలిన 80 శాతము పారిశ్రామిక కార్మికుల అఖిల భారత వినియోగ ధరల సూచికను అనుసరించి మారును. ఆధారము 2024 మార్చి సూచిక. ఆయా సంవత్సరపు మార్చి సూచికతో పోల్చవలెను. ఏ సవరణలోనూ పెంపు అప్పటి రేటుపై 5 శాతము మించరాదు."

నేను 5 శాతం అని ఉంది కదా అని మొదటి సవరణకు 4,20,000, రెండో సవరణకు 4,41,000 వేశాను. 2026-27కి పన్నెండు నెలలూ 4,41,000 చొప్పున 52.92 లక్షలు పెట్టాను. అసలు రేటు మీద 4.92 లక్షలు ఎక్కువ. సెక్రటరీ గారు "ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చింది" అని అడిగారు. 2026 మార్చి ఇండెక్స్ ఏప్రిల్ నెలాఖరుకి గానీ రాదు, బడ్జెట్ అంతకు ముందే పంపాలి. ఎలా లెక్క కట్టాలో కాస్త చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

పైడిరాజు, చీపురుపల్లి

దీనికి అంత టెన్షన్ ఎందుకు బాబూ. లేబర్ బ్యూరో వాళ్ల అంకెలు చూస్తే 2024 మార్చి 138.9, 2025 మార్చి 143.0. ఏడాదికి 4.1 పెరిగింది. ఏడాదికి 4.1 శాతం చొప్పున వేసుకుంటూ పోండి. మా డీఏ లెక్కలు కూడా ఈ ఇండెక్స్ మీదే కదా, సర్వీసంతా చూశాను.

సుజాత, శ్రీకాకుళం

పైడిరాజు గారు చెప్పిన ఇండెక్స్ సరైనదే, రెండు అంకెలూ సరైనవే. కానీ 4.1 అనేది పాయింట్లు, శాతం కాదు. 4.1ని 138.9తో భాగిస్తే 2.95 శాతం వస్తుంది. ఇండెక్స్ 100 దగ్గర ఉంటేనే పాయింట్లూ శాతమూ ఒకటవుతాయి.

శ్రీను గారూ, మీ 5 శాతం అంచనా కాదు, పైకప్పు. అంతకు మించి ఇవ్వక్కర్లేదని అది చెబుతుంది గానీ అంత ఇవ్వాలని చెప్పదు. ఇవ్వాల్సింది తేల్చేది పై వాక్యాలే. దాన్ని ఎక్సెల్‌లో ఇలా రాసుకోండి:

```
=400000*(0.2+0.8*143/138.9)
```

4,09,446 వస్తుంది. అంటే 2025 జులై నుంచి నెలకు 9,446 పెరిగింది, 2.36 శాతం. ధరలు 2.95 శాతం పెరిగితే మీ రేటు అంతకన్నా తక్కువే పెరగడానికి కారణం ఆ 20 శాతం స్థిర భాగం. ఏజెన్సీ మీకు ఇప్పుడు ఏ రేటుకి బిల్లు వేస్తోంది?

శ్రీను, విజయనగరం

4,09,450 అని వేస్తున్నారు మేడం. నాలుగు రూపాయల తేడా రౌండింగ్ అనుకుంటాను. అంటే ఆ బిల్లు కరెక్టేనన్నమాట. దాన్ని చూసి కూడా నాకు తట్టలేదు.

సుజాత, శ్రీకాకుళం

మొదటి సవరణ సరిగానే ఉంది. ఇక 2026-27. మీ బడ్జెట్ ఏడాది ఏప్రిల్‌లో మొదలు, రేటు మారేది జులైలో. కాబట్టి ఏప్రిల్, మే, జూన్ మూడు నెలలూ పాత 4,09,446 నడుస్తుంది. కొత్త రేటు తొమ్మిది నెలలకే. పన్నెండు నెలలూ కొత్త రేటు వేయడం మీ అంకె ఉబ్బడానికి రెండో కారణం.

2026 మార్చి ఇండెక్స్ తెలియదు కాబట్టి ఒక్క అంకె మీద పందెం కట్టకుండా మూడు వేసుకోండి. రిజర్వ్ బ్యాంకు ద్రవ్యోల్బణ లక్ష్యం 4 శాతం, కింది హద్దు 2, పై హద్దు 6. నేను ఆ మూడే వాడతాను. ఒక్క సంగతి గుర్తుంచుకోండి, రిజర్వ్ బ్యాంకు చూసే సీపీఐ వేరు, మీ క్లాజులోది వేరు. రెండూ ఒకే వైపు నడుస్తాయి గానీ అడుగు అడుగూ కలవవు. అందుకని పంపే ముందు ఆ రోజుకి వచ్చిన తాజా నెల ఇండెక్స్‌ని ఏడాది కిందటి అదే నెలతో పోల్చి, మూడింటిలో దేనికి దగ్గరో చూసుకోండి.

4 శాతం అనుకుంటే మార్చి ఇండెక్స్ 148.72 అవుతుంది. ఫార్ములాలో వేస్తే రేటు 4,22,623, అంటే అసలు రేటు మీద నెలకు 22,623 ఎక్కువ. మూడు నెలలు 9,446 చొప్పున, తొమ్మిది నెలలు 22,623 చొప్పున కూడితే సుమారు 2.32 లక్షలు. 2 శాతం అనుకుంటే ఇదే లెక్కకు 1.73 లక్షలు, 6 శాతం అనుకుంటే 2.91 లక్షలు. మీరు పెట్టింది 4.92.

6 శాతం అనుకున్నా రేటు 4,29,212 దగ్గర ఆగుతుంది. 4,09,446 మీద అది 4.83 శాతం పెంపు. అంటే మీ 5 శాతం పైకప్పు అప్పుడు కూడా తగలదు. ధరలు 6 శాతం దాటి ఇంకాస్త పైకి పోతే గానీ ఆ వాక్యం పనిచేయదు. సెక్రటరీ గారికి ఇది చూపించండి.

సూరిబాబు, నెల్లిమర్ల

మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ మెయింటెనెన్స్‌కి కంపెనీవాళ్లు ఏడాదికి 6 శాతం పెంచుతామని రాసుకున్నారు. ధరలు తగ్గినా 6 వేస్తున్నారు. ఇదే ఫార్ములాతో తగ్గించమని అడగొచ్చా?

సుజాత, శ్రీకాకుళం

సూరిబాబు గారూ, మీది వేరే సంగతండీ. మీ అగ్రిమెంటులో ఇండెక్స్ పేరే లేదు, ఆరు అని రాసుకున్నారు కాబట్టి ఆరే. గడువు అయ్యాక కొత్తగా రాసుకునేటప్పుడు మార్పించుకోవాలి.

పైడిరాజు, చీపురుపల్లి

పాయింట్ల సంగతి ఒప్పుకున్నానమ్మా. కానీ ఒకటి. రెండో ఏడాది పెంపు మొదటి ఏడాది పెరిగిన రేటు మీద పడాలి కదా, చక్రవడ్డీలాగా? మీరు మళ్లీ 4,00,000 నుంచే మొదలెట్టారు.

సుజాత, శ్రీకాకుళం

మంచి ప్రశ్న, బిల్లుల్లో ఎక్కువగా తప్పేది కూడా ఇక్కడే. ఈ క్లాజులో ప్రతిసారీ 2024 మార్చితోనే పోలిక. 148.72ని 138.9తో భాగించినప్పుడే రెండేళ్ల పెరుగుదలా అందులోకి వచ్చేసింది. మళ్లీ దాన్ని 4,09,446కి గుణిస్తే మొదటి ఏడాది పెంపు రెండుసార్లు పడుతుంది. అప్పుడు రేటు 4,22,623 బదులు 4,32,603 అవుతుంది, నెలకు దాదాపు పది వేలు దండగ.

మీరన్నట్టు పెరిగిన రేటు మీద వేసే కాంట్రాక్టులూ ఉన్నాయి. వాటిలో పోలిక కిందటి ఏడాది మార్చితో ఉంటుంది. అసలు రేటుకి మొదటి ఇండెక్స్ జోడీ, పెరిగిన రేటుకి నిరుటి ఇండెక్స్ జోడీ. జోడీ మారితే బిల్లు తప్పు. శ్రీను గారూ, వచ్చే జులై బిల్లు రాగానే వాళ్లు దేన్ని దేనితో గుణించారో అడగండి.

శ్రీను, విజయనగరం

ఇప్పుడు అర్థమైంది. 2.32 పెడతాను, పై అంకె 2.91 అని కింద నోట్ రాస్తాను. జీఎస్టీ దీని మీద కూడా వేయాలా?

సుజాత, శ్రీకాకుళం

వేయాలి. ఆసుపత్రి వైద్య సేవల మీద జీఎస్టీ లేదు కాబట్టి మీరు కట్టింది వెనక్కి సర్దుబాటు కాదు, అది మీకు ఖర్చే. 2.32 మీద 18 శాతం కలిపితే 2.74 లక్షలు. ఇంకోటి, జులైలో వచ్చే రేటు 2027 జూన్ దాకా నడుస్తుంది. 2027-28 బడ్జెట్‌లో మొదటి మూడు నెలలకు దాదాపు 68 వేలు ఇప్పుడే రాసిపెట్టుకోండి, జీఎస్టీ కాకుండా. ఆ తర్వాత కొత్త టెండర్ కాబట్టి ఈ లెక్క అక్కడితో ఆగుతుంది. కొత్త టెండర్ రేటుని ఈ ఫార్ములాతో అంచనా కట్టకండి.

రామకృష్ణ, రాజాం

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మాది 2019లో రాసుకున్న నీటి పంపుల నిర్వహణ కాంట్రాక్టు, పొడిగిస్తూ వస్తున్నాం. ఆధారం 2019 మార్చి ఇండెక్స్ 309 అని ఉంది. ఇప్పుడేమో 143 అంటున్నారు. అయితే సగానికి పైగా తగ్గించాలా? ఏజెన్సీ ఆయన నవ్వుతున్నాడు.

సుజాత, శ్రీకాకుళం

ఆయన నవ్వడంలో తప్పు లేదులెండి. 309 అనేది 2001ని 100 అనుకున్న పాత వరుస. 2020 సెప్టెంబరు ఇండెక్స్ నుంచి 2016ని 100 అనుకునే కొత్త వరుస వచ్చింది. రెండింటినీ కలపడానికి లేబర్ బ్యూరో ఇచ్చిన గుణకం 2.88. కొత్త 143.0ని 2.88తో గుణిస్తే 411.84. దాన్ని 309తో పోల్చండి, ఆరేళ్లలో 33 శాతం పెరుగుదల. మీ క్లాజులో ఎంత భాగం మారుతుందో చూసుకుని దానికే వేయండి.

అప్పలనాయుడు, ఎచ్చెర్ల

ఇంతసేపూ చూస్తున్నాను, అసలు గొడవ ఎవరూ ఎత్తలేదు. నేను ఇలాంటి ఏజెన్సీలో సూపర్‌వైజరుగా పనిచేశాను. మన రాష్ట్రంలో కనీస వేతనాల మీద వీడీఏ, అంటే ధరలను బట్టి మారే కరువు భత్యం, ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి మారుతుంది. జీతం పెరిగితే దాని మీద పీఎఫ్, ఈఎస్‌ఐ కూడా పెరుగుతాయి. మీరు జులైలో ఇచ్చే 2.36 శాతంతో అవి తీరకపోతే ఏజెన్సీ ఎక్కడి నుంచి తెస్తుంది? మనుషులను తగ్గిస్తుంది. ఇరవై మంది హాజరు, పదిహేడు మంది పని.

శ్రీను, విజయనగరం

అగ్రిమెంటు చివర్లో ఇంకో వాక్యం ఉందండీ, ఇప్పుడే చూశాను. "చట్టప్రకారమైన పెంపుదలలు అదనము" అని. మొన్న అక్టోబరు వీడీఏకి వేరే బిల్లు పంపారు, అది పెండింగులో పెట్టాం. ఇవ్వాలా?

సుజాత, శ్రీకాకుళం

నా ఉద్దేశంలో ఇవ్వకూడదు. ఈ ఇండెక్స్ కార్మికుల జీవన వ్యయానిదే. వీడీఏ కూడా ధరల సూచికను బట్టే మారుతుంది. 80 శాతంలో జీతాలు ఉన్నప్పుడు అదే ధరల పెరుగుదలకు రెండుసార్లు ఇచ్చినట్టవుతుంది. ఆ వాక్యం పీఎఫ్ రేటు మారడం, జీఎస్టీ రేటు మారడం లాంటి వాటికి రాసి ఉంటారు.

అప్పలనాయుడు, ఎచ్చెర్ల

కనీస వేతనం పెంపు చట్టప్రకారమైనది కాకపోతే మరేది మేడం? కూలీకి తక్కువ పడితే చివరికి పని చేయించుకున్న ఆసుపత్రి మెడకే చుట్టుకుంటుంది.

సుజాత, శ్రీకాకుళం

ఆ మాట నిజమే, కాదనను. వాక్యం రెండు రకాలుగానూ చదవొచ్చు. శ్రీను గారూ, ఏజెన్సీ నుంచి జీతాల రిజిస్టరు, పీఎఫ్ చలాన్లు తెప్పించుకోండి. ఒక్కో మనిషికి కనీస వేతనానికీ ఇప్పుడు ఇస్తున్నదానికీ ఎంత తేడా ఉందో తేల్చండి. జులై పెంపులో జీతాల వాటాకి వచ్చింది ఆ తేడాలోంచి తీసేసి, మిగిలితే దాని మీదే మాట్లాడుకోవడం న్యాయం. ట్రస్టు లాయరు గారి అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోండి.

శ్రీను, విజయనగరం

రిజిస్టరు రేపే అడుగుతాను. బడ్జెట్‌లో 2.74 లక్షలు పెట్టి, వీడీఏ బిల్లుని వివాదంలో ఉన్న మొత్తంగా వేరే వరుసలో చూపిస్తాను. అలా చూపిస్తే ఆడిటరు ఒప్పుకుంటారా?

పైడిరాజు, చీపురుపల్లి

చూపించకపోతేనే అడుగుతారు బాబూ. లాయరు గారు ఏమన్నారో ఇక్కడ కూడా రాయండి, మా అల్లుడు పనిచేసే కాలేజీలో అచ్చం ఇదే వాక్యం ఉందట.