డ్రిబుల్ వేసిన ప్రతిసారీ కిల్ చేస్తున్నారు: ఎక్కడ తప్పుతున్నాను?

ఆదివారం ఆట: నేను వారానికి 3 రోజులు బ్యాడ్మింటన్ సింగిల్స్ ఆడుతాను. ఎదుటివారు డ్రాప్ వేసినప్పుడు దానిని నెట్ దగ్గరే టంబ్లింగ్‌గా తిరిగి వేయాలని ప్రయత్నిస్తున్నాను. కాక్ దొర్లుతూనే వెళుతుంది కానీ టేప్ మీద జానెడు పైకి లేస్తుంది. వారు ఒక అడుగు ముందుకు వేసి కొట్టేస్తున్నారు. నిన్న ఒక గేమ్‌లో 9 సార్లు ఇలా వేస్తే 6 పాయింట్లు పోయాయి. రాకెట్‌తో ఇంకా ఎంత కోయాలి, ఏ స్థితిలో ఈ షాట్ మానుకొని లిఫ్ట్ చేయాలి?

స్మాష్ ప్రియుడు: మీ కోత చాలడం లేదు. మణికట్టును ఎంత వేగంగా తిప్పితే కాక్ అంతగా దొర్లుతుంది. మీరు ప్లాస్టిక్ కాక్‌తో ఆడుతున్నట్లయితే అది కూడా ఒక కారణమే, ఎందుకంటే అది ఈకల కాక్ కంటే త్వరగా సర్దుకొని కార్క్‌ను ముందుకు తిప్పేసుకుంటుంది.

పాత కోచ్: ప్లాస్టిక్ గురించి చెప్పినది నిజమే. వేగం విషయంలో మాత్రం నేను ఏకీభవించలేను. చేయి విసురుగా పోతే కాక్ స్ట్రింగ్స్ అంచున తగిలి మన నెట్‌లోనే పడుతుంది, లేదా ప్రశ్న అడిగిన వారికి జరిగినట్లే పైకి ఎగురుతుంది. ముందుగా ఒక విషయం చెప్పండి: రాకెట్ తగిలే క్షణానికి కాక్ ఏ ఎత్తులో ఉంటోంది?

ఆదివారం ఆట: స్నేహితుడు తీసిన వీడియో చూశాను. దాదాపు ప్రతిసారీ నా నడుము ఎత్తులో ఉంది.

పాత కోచ్: అయితే మీ సమస్య కోతలో లేదు, కాళ్లలో ఉంది. నెట్ మధ్యలో 5 అడుగుల ఎత్తు ఉంటుంది. నడుము దగ్గర అందుకున్న కాక్ ఆ టేప్ దాటాలంటే సుమారు అడుగున్నర పైకి లేవాలి. అంత లేపడానికి ఇచ్చిన బలమే దానిని టేప్ పైన ఇంకొక జానెడు తీసుకుపోతోంది. టేప్‌కు బెత్తెడు కిందనే అందుకొంటే లేపవలసిన పని దాదాపు ఉండదు. అప్పుడు రాకెట్ ముఖాన్ని ఇంచుమించు ఆకాశం వైపు ఉంచి, వేళ్లను వదులుగా పట్టుకొని, కార్క్ అడుగును పక్కకు ఒరుసుకొంటూ జానెడు దూరం జరిపితే చాలు. కాక్ ఎగిరే శిఖరం మన వైపే ఉండి, టేప్ దాటేసరికి అది దిగుతూ ఉండాలి. మంచి స్పర్శకు "టక్" మనే శబ్దం రాదు, సన్నగా గీసుకొన్న చప్పుడు వస్తుంది.

నడుము దగ్గరే అందితే లిఫ్ట్ చేయండి. మీరు తూలి ఉన్నట్లయితే వెనుక గీత వరకు బాగా ఎత్తుగా పంపండి, తిరిగి నిలదొక్కుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. ఎదుటివారు కిల్ కోసం ముందే పరుగెత్తుకొస్తున్నారు కనుక, మీరు నిలకడగా ఉన్నప్పుడు వారి తల మీదుగా కొంచెం చదునుగా పంపడం మేలు. నిన్నటి 6 పాయింట్లలో కొన్నైనా ఇలా మిగిలేవి.

డబుల్స్ జోడీ: నేను షార్ట్ సర్వీసును ట్యాప్ చేసినప్పుడు రాకెట్ నెట్ అవతలికి పోతోంది. అంపైర్ లేని ఆటలో ఇది ఫాల్ట్ అని గొడవ పడుతున్నారు.

పాత కోచ్: ఇది వేరే ప్రశ్న అయినా కిల్‌కు సంబంధించినదే. కాక్‌ను మీ వైపున తాకి, ఆ ఊపులో రాకెట్ అవతలికి పోతే ఫాల్ట్ కాదు. నెట్‌ను తాకితే మాత్రం ఫాల్టే. కాక్ టేప్‌కు అంటుకొన్నట్లు వస్తే ముందుకు కొట్టకండి, టేప్ వెంబడి పక్కకు తుడిచినట్లు ఆడండి. టేప్ కంటే కిందికి దిగిన కాక్‌ను కిల్ చేయబోతే అది నెట్‌కే తగులుతుంది. అసలు కిల్ ఆ షాట్‌కు ముందే మొదలవుతుంది: మంచి డ్రిబుల్ వేశాక వెనక్కి పరుగెత్తకుండా, రాకెట్ తలను టేప్ ఎత్తులో నిలిపి ఉంచినవారికే అది దొరుకుతుంది.

స్మాష్ ప్రియుడు: ఒప్పుకొంటున్నాను. మరి అవతలివారే దొర్లే కాక్ వేస్తే? కార్క్ కిందికి తిరిగే వరకు ఆగి లిఫ్ట్ చేయాలని నేను నేర్చుకొన్నాను.

డబుల్స్ జోడీ: అలా ఆగితే అది మోకాలి దగ్గరకు చేరుతుంది, పైగా నెట్‌ను ఆనుకొని దిగుతుంటే లిఫ్ట్ పైకి పోయే దారే ఉండదు. నేను దొర్లుతుండగానే తిరిగి నెట్ మీదకు వేస్తాను.

పాత కోచ్: నెట్‌కు అడుగు దూరంలో పడేదైతే ఆగి లిఫ్ట్ చేయడమే నాకు నమ్మకం. ఆనుకొని దిగేదైతే మీ ఇద్దరి దారుల్లోనూ కాక్ ఈకల మీద తగిలే ప్రమాదం ఉంది. నా దగ్గర నేర్చుకొనేవారికి నేను ఇప్పటికీ ఒకే సమాధానం చెప్పలేకపోతున్నాను.

ఆదివారం ఆట: ఈ ఉదయం తొందరగా కదిలి ఛాతీ ఎత్తులో అందుకొన్నాను. ఫోర్‌హ్యాండ్ వైపు కాక్ బెత్తెడు లోపే దాటింది. బ్యాక్‌హ్యాండ్ వైపు ఇంకా ఎగురుతూనే ఉంది. ఆ వైపు వీడియో రేపు తీయిస్తాను.