పందెం స్లిప్ ఫొటోలోని ఆడ్స్ నుంచి అసలు సంభావ్యత ఎలా తీయాలి?

ఫుట్‌బాల్ మ్యాచ్ స్లిప్ ఫొటోలో దశాంశ ఆడ్స్ ఇలా ఉన్నాయి: సొంత జట్టు 1.40, డ్రా 4.75, ప్రత్యర్థి 8.00. చివరి సంఖ్య మసగ్గా ఉంది, 3.00 కూడా కావచ్చు.

ఒకటిని ఒక్కో ఆడ్స్‌తో భాగిస్తే 71.4, 21.1, 12.5 శాతం, మొత్తం 105. వందకు పైనున్న ఆ 5 నిర్వాహకుడి మార్జిన్. 3.00 అనుకుంటే మొత్తం దాదాపు 126కి పోతుంది. ఇలాంటి పందేనికి అంత మార్జిన్ నమ్మశక్యంగా లేదు, అందుకే 8.00నే తీసుకున్నాను.

అన్నింటినీ 1.05తో భాగిస్తే 68, 20, 12 వస్తాయి. కానీ గెలిచే అవకాశం తక్కువున్న జట్టు మీదే మార్జిన్ ఎక్కువ వేస్తారు కదా, అప్పుడు ఆ 12 కూడా ఎక్కువే అవుతుంది. దాన్ని సరిదిద్దడానికి, మొదట వచ్చిన 0.714, 0.211, 0.125 మూడింటినీ ఒకే ఘాతానికి పెంచి మొత్తం ఒకటి చేసే పద్ధతి ఇక్కడ మేలేనా? తెలిసినవారు లెక్కతో సహా చెప్పగలరా?