అల్‌-వుజరాఉ వసలూ: పేరు ముందుకొస్తే నొక్కి చెప్పినట్టేనా?

కొత్తగా నేర్చుకుంటున్నా:
అరబిక్ డిప్లొమా రెండో సెమిస్టర్‌లో ఉన్నాను. "మంత్రులు రియాద్ చేరుకున్నారు" అన్న వాక్యాన్ని పరీక్షలో "అల్‌-వుజరాఉ వసలూ ఇలా అర్‌-రియాద్" అని రాశాను. పేరు ముందు పెడితే నొక్కి చెప్పినట్టవుతుంది, మామూలు వార్తకి క్రియతోనే మొదలుపెట్టాలి అని మార్కులు తగ్గించారు. కానీ అరబిక్ పేపర్లలో పేరుతో మొదలయ్యే వాక్యాలు రోజూ కనిపిస్తున్నాయి. ఇంతకీ నేను రాసింది నామవాక్యమా, క్రియావాక్యమా? పేరు ముందుకొస్తే నిజంగా ఒత్తి పలికినట్టేనా?

మదరసాలో చదివాను:
మీకు చెప్పింది సరైనదే. పేరుతో మొదలైతే జుమ్లా ఇస్మియ్యా, అంటే నామవాక్యం, దానికి బలం ఎక్కువ, అది స్థిరంగా ఉండే విషయాన్ని చెబుతుంది. క్రియావాక్యం అప్పటికప్పుడు జరిగేదాన్ని చెబుతుంది. ఖురాన్‌లో ఇబ్రాహీం అలైహిస్సలాం దగ్గరికి వచ్చిన దూతలు "సలామన్" అంటారు, ఆయన "సలామున్" అని బదులిస్తారు. మొదటిదాని వెనక ఒక క్రియ దాగి ఉంది. రెండోది నామవాక్యం. అందుకే ఆయన వాళ్లకంటే మేలైన సలాం చెప్పారని మా ఉస్తాద్ చెప్పేవారు. పేరు ముందుంటే బలం, అంతే.

ఫర్వానియా నుంచి:
తమ్ముడూ, పదకొండేళ్లుగా కువైట్‌లో డ్రైవర్‌గా చేస్తున్నా. ఈ వసలూ గిసలూ ఇక్కడెవరూ మాట్లాడరు, మాట్లాడే భాష నేర్చుకో. ఈ నొక్కి చెప్పడం అన్నదానితో నాకే ఒకసారి పెద్ద టెన్షన్ అయింది. వ్యాన్ అద్దం పగిలిందట కదా అని మేనేజర్ ఫోన్ చేశాడు. అప్పటికి నేను ఆ వ్యాన్ చూడను కూడా లేదు. "మూ ఆనా ఇల్లీ కిసర్తా" అన్నా, అంటే పగలగొట్టింది నేను కాదు అని. వెంటనే "మినూ?" అని పట్టుకున్నాడు. అంటే మరి ఎవరు పగలగొట్టారో చెప్పమని. నాకేం తెలుసు? సాయంత్రం దాకా వదల్లేదు.

అనువాదాలు చేస్తుంటాను:
ఫర్వానియా అన్న చెప్పింది వేరే సంగతిలా ఉంది గానీ, అసలు విషయం అందులోనే ఉంది. ముందు పరీక్ష సంగతి చూద్దాం.

మంత్రుల గురించి ఇంతవరకు మాటే రాకపోతే, ఏం జరిగిందో చెప్పడానికి "వసల అల్‌-వుజరాఉ" అని మొదలుపెట్టడం సహజం. వార్తల్లో మొదటి పేరా ఎక్కువగా ఇలాగే ఉంటుంది. అదే వార్త పైన హెడ్డింగ్ మాత్రం "అల్‌-వుజరాఉ యసిలూన" అని పేరుతో మొదలుకావచ్చు. అక్కడ ఎవరూ మంత్రుల్ని నొక్కి చెప్పడం లేదు. ఇది ఎవరి గురించిన కబురో ముందు చూపిస్తున్నారు, అంతే. కాబట్టి మీ వాక్యం తప్పు కాదు. సందర్భం ఇవ్వకుండా మార్కులు తగ్గించడం నాకు అన్యాయంగానే అనిపిస్తోంది.

పేరు ముందుకొచ్చినప్పుడు అన్నిటికంటే ముందు జరిగేది, ఆ పేరు మాటకు విషయం కావడం. "మంత్రులా? వాళ్లు చేరుకున్నారు" అన్నట్టు. అందుకే ఆ పేరు వినేవాడికి తెలిసినదై ఉండాలి. "ఎవరో ఒక మంత్రి వచ్చాడు" అనడానికి "వసల వజీరున్" అనాలి. "వజీరున్ వసల" అని మొదలుపెడితే వ్యాకరణం ఒప్పుకోదు, ఎందుకంటే ఎవరో తెలియని మనిషిని విషయంగా పెట్టుకుని మాట మొదలుపెట్టలేం. నొక్కి చెప్పడమే పేరు ముందుకు రావడానికి కారణమైతే, తెలియని మనిషిని ముందు పెట్టడానికి అడ్డేముంది?

మరి నొక్కు ఎక్కడ వస్తుంది? "కాదు" అన్నప్పుడూ, ప్రశ్న అడిగినప్పుడూ స్పష్టంగా బయటపడుతుంది. 11వ శతాబ్దంలో అబ్దుల్ ఖాహిర్ అల్‌-జుర్జానీ అనే వ్యాకరణ పండితుడు దీన్ని చాలా సూక్ష్మంగా పట్టుకున్నాడు. "మా ఫఅల్తు" అంటే "నేను చెయ్యలేదు". ఆ పని అసలు జరిగిందో లేదో ఇందులో తేలదు. "మా అనా ఫఅల్తు" అంటే "చేసింది నేను కాదు". పని జరిగిందని ఒప్పేసుకున్నట్టే, చేసినవాడు వేరే ఉన్నాడని చెప్పినట్టే. దాని తర్వాత "ఇంకెవరూ చెయ్యలేదు" అని కలిపితే మాట అతకదు. తెలుగులోనూ అంతే కదా. "చేసింది నేను కాదు, ఇంకెవరూ చెయ్యలేదు" అని ఎవరంటారు?

ప్రశ్నకి ఆయన చూపించిన ఉదాహరణ ఖురాన్‌లోదే. విగ్రహాలు పగిలిపోయి కళ్లెదుట పడి ఉన్నాయి. జనం ఇబ్రాహీంను "అ అంత ఫఅల్త" అని అడుగుతారు, "ఇది చేసింది నువ్వేనా?" అని. పగిలాయా లేదా అన్నది ప్రశ్నే కాదు. అందుకే "నువ్వు" అన్న మాట ముందుకొచ్చింది. ఆయన జవాబు కూడా చేసినవాడి గురించే, "వాటిలో పెద్దది చేసింది" అని.

ఫర్వానియా అన్న తెలియకుండా అన్నది "మా అనా ఫఅల్తు" లాంటి మాటే. అద్దం పగిలిందని ఆయనే ఒప్పేసుకున్నాడు కాబట్టి "మినూ" అన్న ప్రశ్న వచ్చింది.

లింగ్విస్టిక్స్ పీజీ:
చాలా బాగుంది. కానీ నామవాక్యం, క్రియావాక్యం అన్న విభజన దగ్గర మీరంతా పాతకాలపు బస్రా వ్యాకరణ పండితుల మాటే తీసుకుంటున్నారు, పేరుతో మొదలైతే నామవాక్యమే అని. ఫాఇల్, అంటే కర్త, క్రియ కంటే ముందు రావచ్చని వాళ్లకి పోటీగా ఉన్న కూఫా పండితులు ఒప్పుకున్నారు. "అల్‌-వజీరు వసల" అన్నదాన్ని కర్త ముందున్న క్రియావాక్యం అనుకుంటే నష్టమేంటి? వాక్యంలో క్రియ ఉండగా దాన్ని నామవాక్యం అనడం నాకు వింతగా ఉంది.

అనువాదాలు చేస్తుంటాను:
ఏకవచనంలో తేడా కనిపించదు కాబట్టి మీ మాట సులువుగా నిలబడుతుంది. బహువచనం తీసుకోండి. క్రియ ముందుంటే ఎంతమంది వచ్చినా "వసల" ఏకవచనంలోనే ఉంటుంది. పేరు ముందుకొస్తే "వసలూ" అవుతుంది. ఆ చివరి "ఊ" అంటే "వాళ్లు". క్రియ తన కర్తను తనలోనే పెట్టుకుంది, ముందున్న పేరు వేరే పని చేస్తోంది. ఇప్పుడు ముందు "నిశ్చయంగా" అనే అర్థమిచ్చే "ఇన్న" చేర్చండి. "ఇన్న అల్‌-వుజరాఅ వసలూ" అవుతుంది, "వుజరాఉ" కాస్తా "వుజరాఅ" అయిపోతుంది. ఫాఇల్ చివర అలా మారకూడదు. అందుకే నేను బస్రా వైపు.

లింగ్విస్టిక్స్ పీజీ:
"ఇన్న" వాదన బలంగానే ఉంది, ఒప్పుకుంటున్నాను. కానీ హెడ్డింగులు రాసేవాళ్ల మనసులో ముందు విషయం, తర్వాత తన కర్తను తనలోనే పెట్టుకున్న క్రియ అన్న ఈ రెండు మెట్లు ఉంటాయా? ఇవాళ్టి పాఠకుడికి అది సూటిగా కర్త, క్రియ వరుసే. పాత సిద్ధాంతం ఇప్పటి వాడుకకి పూర్తిగా సరిపోతుందని నేను అనుకోను.

మదరసాలో చదివాను:
సలామున్‌లో క్రియ లేదు, వసలూలో ఉంది. ఆ తేడా నేను చూడలేదు. స్థిరత్వం మాట క్రియ లేని నామవాక్యానికే వర్తిస్తుందని సరిచేసుకుంటున్నా. కానీ "హువ యుఅతీ", అంటే "ఆయన ఇస్తాడు" అన్నప్పుడు పేరు ముందుంటే మాటకి గట్టిదనం వస్తుందని జుర్జానీయే అన్నారు కదా. దాన్ని మాత్రం వదులుకోను.

అనువాదాలు చేస్తుంటాను:
వదులుకోవద్దు, అది నిజమే. వినేవాడికి అనుమానం ఉన్నచోట ఆ గట్టిదనం వినిపిస్తుంది. హెడ్డింగులో వినిపించదు.

ఫర్వానియా నుంచి:
అయితే ఆ రోజు నేను "మా కిసర్తా" అని ఊరుకుంటే సరిపోయేదా?

అనువాదాలు చేస్తుంటాను:
అవునన్నా. "నేను పగలగొట్టలేదు" అని మాత్రమే అయ్యేది. అద్దం పగిలిందా అన్నది ఆయన వెళ్లి చూసుకోవాల్సి వచ్చేది.