అసిటోన్, క్లోరోఫాం కలిపితే బాష్పపీడనం ఎందుకు పడిపోతుంది?

ఇంటర్_రెండో_ఏడు: పీడనం లెక్క ప్రకారం రావాల్సిన దానికన్నా తగ్గడమనే రుణ విచలనానికి ఉదాహరణ అసిటోన్-క్లోరోఫాం, కారణం హైడ్రోజన్ బంధం అని మా నోట్సులో ఒక్క ముక్కలో తేల్చేశారు. రెండింట్లోనూ OH లేదు, NH లేదు. మరి ఆ బంధం ఎక్కడి నుంచి ఊడిపడింది? పీడనం ఎంత తగ్గుతుందో లెక్కతో ఎవరైనా చూపిస్తారా?

రాజు_కెమ్: ఇందులో ఏముంది తమ్ముడూ. రెండు ద్రవాల మధ్య హైడ్రోజన్ బంధం ఉంటే రుణ విచలనం, లేకపోతే ధన విచలనం. పరీక్షకి ఇది చాలు.

పాత_లెక్చరర్: రాజు గారూ, ఆ సూత్రం నీళ్ల దగ్గరే ఆగిపోతుంది. ఇథనాల్, నీళ్ల మధ్య హైడ్రోజన్ బంధాలు బోలెడు, అయినా విచలనం ధనమే. ఎందుకంటే కలవక ముందు కూడా ఆ రెండింట్లోనూ గట్టి బంధాలున్నాయి, కలిపితే వాటిని చెదరగొట్టాలి.

ఇక్కడ సంగతి వేరు. క్లోరోఫాంలో ఒకే కార్బన్ మీద మూడు క్లోరిన్లు కూర్చుని ఎలక్ట్రాన్లను లాగేస్తాయి. దాంతో ఆ కార్బన్ మీదున్న ఒక్క హైడ్రోజన్‌కి కొంత ధనావేశం వస్తుంది. బంధానికి అది సిద్ధంగానే ఉంది, కానీ క్లోరోఫాంలో దాన్ని సరిగ్గా పట్టుకునేవాళ్లు లేరు. అసిటోన్‌లో ఆక్సిజన్ ఉంది, దానికి ఇవ్వదగ్గ హైడ్రోజన్ లేదు. విడివిడిగా ఉన్నప్పుడు రెండింట్లోనూ చెప్పుకోదగ్గ హైడ్రోజన్ బంధాలు లేవు. కలిపాకే వస్తాయి. కాబట్టి పోగొట్టుకునేది తక్కువ, వచ్చేది ఎక్కువ.

ఇక లెక్క. జావిడ్‌స్కీ 1900లో ప్రచురించిన కొలతలు 35.17 డిగ్రీల దగ్గరివి. శుద్ధ అసిటోన్ పీడనం 344.5 మి.మీ., క్లోరోఫాంది 293.1. క్లోరోఫాం మోల్ భాగం 0.514 ఉన్న మిశ్రమం తీసుకో. రౌల్ట్ నియమం ప్రకారం శుద్ధ పీడనాన్ని మోల్ భాగంతో గుణిస్తే అసిటోన్ వాటా 167, క్లోరోఫాం వాటా 151, మొత్తం 318 రావాలి. కొలిస్తే వచ్చింది సుమారు 135, 118, అంటే 253. గమనించు: రెండూ తగ్గాయి, దాదాపు ఒకే నిష్పత్తిలో. ఒకదాన్నొకటి పట్టుకున్నాయి కాబట్టి రెండూ ఆవిరిలోకి పోవడానికి వెనకాడుతున్నాయి. ఆ 253 శుద్ధ క్లోరోఫాం పీడనం కన్నా కూడా తక్కువే.

ఇంటర్_రెండో_ఏడు: సార్, క్లోరోఫాం బదులు కార్బన్ టెట్రాక్లోరైడ్ వేస్తే?

పాత_లెక్చరర్: మంచి ప్రశ్న. క్లోరిన్ ఇంకొకటి పెరిగింది, హైడ్రోజన్ పోయింది. అసిటోన్‌తో కలిపితే విచలనం ధనంలోకి తిరుగుతుంది. పని చేస్తున్నది ఆ ఒక్క హైడ్రోజనే అనడానికి నా మట్టుకు ఇంతకన్నా మంచి రుజువు లేదు.

ఎన్ఎంఆర్_లత: మా ల్యాబ్‌లో ఇది రోజూ కంటికి కనిపిస్తుంది. ఎన్ఎంఆర్‌లో, CDCl3 ద్రావణిగా వాడితే క్లోరోఫాం హైడ్రోజన్ సిగ్నల్ 7.26 ppm దగ్గర వస్తుంది. అదే డ్యూటరేటెడ్ అసిటోన్‌లో శాంపిల్ పెడితే 8.0 దగ్గరికి జరుగుతుంది. ఆక్సిజన్ దగ్గర ఆ హైడ్రోజన్ చుట్టూ ఎలక్ట్రాన్ల కప్పు పలచబడుతుంది. కొత్తగా చేరినవాళ్లు దాన్ని వేరే మలినం అనుకుని టెన్షన్ పడుతుంటారు.

ల్యాబ్_శీను: నాది వేరే గొడవ. గ్లాస్‌వేర్ కడిగిన అసిటోన్‌లో క్లోరోఫాం కలిసిపోయింది. డిస్టిల్ చేస్తే మొదట అసిటోన్ బాగానే వచ్చింది, తర్వాత థర్మామీటర్ 64 దాటి కదలట్లేదు. అసిటోన్ 56కి, క్లోరోఫాం 61కి మరగాలి కదా, నా థర్మామీటర్ పాడైందా?

పాత_లెక్చరర్: థర్మామీటర్ బాగానే ఉంది. పీడనం తగ్గింది కాబట్టి మరగడానికి ఎక్కువ వేడి కావాలి. బరువులో సుమారు 80 శాతం క్లోరోఫాం, 20 శాతం అసిటోన్ ఉన్న మిశ్రమం 64.5 డిగ్రీల దగ్గర రెండింటికన్నా పైన మరుగుతుంది. ఆవిరిలోనూ అదే కూర్పు, అందుకే కాలమ్ ఎంత పొడుగు పెట్టినా విడదు. నీళ్లతో నాలుగైదుసార్లు కడుగు. అసిటోన్ చాలావరకు నీళ్లలోకి పోతుంది, క్లోరోఫాం అడుగున నిలుస్తుంది.

రాజు_కెమ్: తర్వాత KOH గుళికలు వేసి తేమ లాగేస్తే సరి.

ఎన్ఎంఆర్_లత: వద్దు! అసిటోన్ కొంచెం మిగిలి ఉన్నా క్షారం తగిలితే క్లోరోబ్యుటనాల్ చర్య మొదలై విపరీతంగా వేడెక్కుతుంది, సీసా పేలొచ్చు. వేస్ట్ డబ్బాలో కూడా అసిటోన్, క్లోరోఫాం, క్షారం ఈ మూడూ కలవకూడదు. తేమకి కాల్షియం క్లోరైడ్ వాడండి.

ల్యాబ్_శీను: థాంక్స్ మేడం. అవునూ, రెండూ కలిపినప్పుడు బీకర్ వెచ్చబడింది. అదీ ఈ చర్యేనా?

పాత_లెక్చరర్: క్షారం లేదుగా, అది ఉత్త హైడ్రోజన్ బంధాల వేడే. సమాన మోల్‌లు కలిపితే మోల్‌కి దాదాపు 2 కిలోజౌళ్లు విడుదలవుతుంది.

రాజు_కెమ్: అంటే ఒక అసిటోన్, ఒక క్లోరోఫాం కలిసి కొత్త పదార్థం అయినట్టే కదా?

పాత_లెక్చరర్: సీసాలో పట్టి దాచుకునే పదార్థం కాదు, జతలు క్షణక్షణం విడిపోయి మళ్లీ కలుస్తుంటాయి. పైగా ఒకటికి ఒకటి అనే లెక్కతో మాత్రమే కొలతలు పూర్తిగా సరిపోవు. ఆక్సిజన్‌కి రెండు ఒంటరి ఎలక్ట్రాన్ జంటలున్నాయి కాబట్టి రెండు క్లోరోఫాంలు ఒక అసిటోన్‌ని పట్టుకునే జట్టునీ కలుపుతారు.

ఎన్ఎంఆర్_లత: ఆ రెండో జట్టు నిజంగా ఉందా, లేక లెక్క కుదరడానికి పెట్టుకున్నదా? షిఫ్ట్ చూస్తే నాకు సగటు ఒక్కటే కనిపిస్తుంది, ఏ జట్టు ఎంత ఉందో విడిగా చెప్పదు.