బాక్స్ బ్రేకౌట్: క్లోజ్ చూసి కొనాలా, రీటెస్ట్ దాకా ఆగాలా?

కొత్త_ట్రేడర్: ఎఫ్ అండ్ ఓలో లేని ఒక చిన్న షేరు రెండు నెలలుగా 480–500 మధ్యే తిరుగుతోంది. మొన్న 500 దాటగానే 501లో కొన్నా. 506 దాకా పోయి సాయంత్రానికి 496. డైలీ క్లోజ్ 500 పైన వచ్చాకే కొనాల్సిందా, రీటెస్ట్ దాకా ఆగాల్సిందా?

గోదారి_బుల్: రీటెస్టే తమ్ముడూ. పైకి పోయి 500 దగ్గరికి దిగినప్పుడు 501లో కొను, స్టాప్ 494. బాక్స్ ఎత్తు 20 కాబట్టి టార్గెట్ 520, అంటే 7 పోతే పోయింది, వస్తే 19. అదే 509 క్లోజ్‌లో కొన్నావనుకో, ఆ స్టాప్‌కే రిస్క్ 15, మిగిలేది 11.

సాయంత్రం_చార్ట్: లెక్క బానే ఉంది గోదారి గారూ, కానీ ఫెయిలయ్యే ప్రతి బ్రేకౌటూ 500కి తిరిగొచ్చే ఫెయిలవుతుంది కదా. గట్టిగా పోయేవాటిలో కొన్ని అసలు వెనక్కి రావు. అంటే 501లో ఆర్డర్ పెట్టి కూర్చున్నోళ్లకి చెత్తంతా దొరుకుతుంది, మంచివి కొన్నే దొరుకుతాయి. 509లో క్లోజైతే నేనూ కొనను, 503లో అయితే కొంటా.

ఆప్షన్_రాజు: కాల్ కొనుక్కుంటే స్టాప్ గొడవే లేదుగా

కొత్త_ట్రేడర్: దీనికి ఆప్షన్లే లేవు అన్నా

విజయ_వైజాగ్: అంతా ఆపరేటర్ల పని. నాది ఒక షేరులో స్టాప్ కొట్టి అరగంటలో పైకి లేపారు, బ్రోకర్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు. అప్పట్నుంచి స్టాప్ పెట్టడం మానేశా.

సాయంత్రం_చార్ట్: అమ్మా, ఆపరేటర్ ఉన్నా లేకున్నా 500 పైన షార్ట్ వాళ్ల స్టాప్‌లూ, మనలాంటి వాళ్ల కొనుగోలు ఆర్డర్లూ కుప్పగా ఉంటాయి. అవన్నీ నిండాక కొత్తగా కొనేవాడు రాకపోతే ధర అక్కడ నిలబడదు, పెద్ద సరుకున్నవాడు ఆ గిరాకీలోనే అమ్ముకుంటాడు. స్టాప్ మానేస్తే ఆగేది మీ నష్టం కాదు.

గోదారి_బుల్: చెత్తంతా మాకే దొరుకుతుందా? నేను 500 తగలగానే కొంటానని ఎవడన్నాడు? దిగేటప్పుడు వాల్యూమ్ తగ్గాలి, తర్వాత పదిహేను నిమిషాల క్యాండిల్ మళ్లీ 500 పైన ముగియాలి, అప్పుడు కొంటా. పొద్దున్నుంచీ స్క్రీన్ ముందు కూర్చునేది అందుకే.

సాయంత్రం_చార్ట్: ఈ ముక్క మొదటే చెప్పాల్సింది! మీరూ క్లోజ్ కోసమే ఆగుతున్నారు, కాకపోతే చిన్న క్యాండిల్‌ది. నేను ఆఫీసులో ఉంటా, మూడున్నర దాటాకే చార్ట్ తెరిచేది. నాకు మీ పద్ధతి కుదరదు.

గోదారి_బుల్: కుదరకపోతే కుదరదనండి, తప్పనకండి. డైలీ క్లోజ్ చూసి మర్నాడు గ్యాప్‌అప్‌లో 508కి కొనడంకంటే అసలు కొనకపోవడం మేలు.

సాయంత్రం_చార్ట్: గ్యాప్ వస్తే వదిలేస్తా. తప్పిపోయిందని ఏడవను.

కొత్త_ట్రేడర్: నేను 3:25కి 501 కనిపిస్తే అప్పుడే కొనేయొచ్చా మరి?

సాయంత్రం_చార్ట్: జాగ్రత్త. ఇలాంటి షేర్లకి ఎన్‌ఎస్‌ఈ వేసే క్లోజ్ ఆఖరి ట్రేడ్ ధర కాదు, చివరి అరగంట ట్రేడ్లకి వాల్యూమ్ కలిపి తీసిన సగటు. చివర్లో ఎవరో 501కి లాగినా డైలీ చార్ట్‌లో 499 పడొచ్చు.

గోదారి_బుల్: చూశావా, అందుకే అంటా...