పొడవాటి స్క్రీన్‌షాట్ మధ్యలో ముక్క తీసి అతికిస్తే, అతుకు కనిపించాలా వద్దా?

మియాపూర్ అద్దెదారు

ఫ్లాట్ ఖాళీ చేశాను, అడ్వాన్స్ దగ్గర ఓనర్‌తో గొడవ నడుస్తోంది. చాట్ అంతా ఒకే పొడవాటి స్క్రీన్‌షాట్‌గా తీశాను, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ గ్రూపులో పెట్టాలి. మధ్యలో నా అకౌంట్ నంబరు, పాన్ కార్డు ఫొటో ఉన్నాయి. ఆ పట్టీ తీసేసి పైదీ కిందదీ కలిపేద్దామనుకుంటున్నా. అతుకు తెలియకుండా నీట్‌గా చేయాలా, లేక తెలిసేలా వదలాలా? మా రూమ్మేట్లు రెండు పార్టీలయ్యారు.

ఎల్బీనగర్ బుల్లెట్

బ్రో, అసలు కత్తిరించకు. కత్తిరిస్తే ట్యాంపరింగ్ అంటారు, ఓనర్ అదే పట్టుకుని కూర్చుంటాడు. ఫోన్ గ్యాలరీలో పెన్ తీసుకుని నంబరు మీద నల్లగా గీసెయ్, రెండు నిమిషాల పని. నేను ఎప్పుడూ అలాగే పంపిస్తా.

కోఠి డీటీపీ

బుల్లెట్ తమ్ముడు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. దాచినట్టు కనిపించాలన్నది సరైన మాటే. కానీ గ్యాలరీలో ఉండే పెన్నుల్లో కొన్ని హైలైటర్లు, వాటిలో నలుపు కూడా పూర్తి నలుపు కాదు. పైకి ఏమీ కనపడదు గానీ అదే ఫొటోని ఎడిటర్‌లో తెరిచి బ్రైట్‌నెస్, ఎక్స్‌పోజర్ పైకి లాగితే అంకెలు తేలతాయి. పంపేముందు అలా ఒకసారి లాగి చూసుకోవాలి. కత్తిరిస్తే ఈ బాధ లేదు, ఆ పిక్సెళ్లే కొత్త ఫైల్లో ఉండవు.

అద్దెదారు గారూ, మీరు తీయాలనుకుంటున్న పట్టీకి సరిగ్గా పైన ఏ మెసేజ్ ఉంది, సరిగ్గా కింద ఏది ఉంది? అది చెప్పండి, మిగతాది తర్వాత.

సైనిక్‌పురి రిటైర్డ్

నేను బ్యాంకు స్టేట్‌మెంట్ ఇలాగే పంపాను. ఒక ఆసుపత్రి బిల్లు ఉన్న వరుస తీసేసి కలిపాను, అతుకు ఎక్కడా తెలియదు. మా అల్లుడు చూసి బిల్లు ఎంతో చెప్పేశాడు! పై వరుసలో బ్యాలెన్స్ 52,300, కింది వరుసలో 2,000 డెబిట్, బ్యాలెన్స్ 43,900. తేడా 8,400, అందులో 2,000 తీసేస్తే 6,400. వరుస పోయినా లెక్క అక్కడే ఉంది కదా. కాబట్టి బ్యాలెన్స్ నిలువు వరుస కూడా మూసేయాలి బాబూ.

మియాపూర్ అద్దెదారు

అంకుల్, నాది స్టేట్‌మెంట్ కాదు, చాట్.

అక్కా, వరుసగా చెప్తాను. ఓనర్: "పెయింటింగ్‌కి 18 వేలు కట్ చేస్తాను." తర్వాత నా అకౌంట్ నంబరు, ఐఎఫ్ఎస్సీ, పాన్ ఫొటో. తర్వాత ఓనర్: "మిగతాది రేపు సాయంత్రం వేస్తాను." దాని కింద నేను: "సరే అండి." తీయాలనుకున్నది నా అకౌంట్ దగ్గర్నుంచి "రేపు సాయంత్రం" మెసేజ్ దాకా. ఆ మెసేజ్‌లో కూడా వాళ్ల ఊరి విషయం ఏదో ఉంది, అనవసరమని.

కోఠి డీటీపీ

ఇప్పుడు ఆ ముక్క తీసేసి చదవండి. "పెయింటింగ్‌కి 18 వేలు కట్ చేస్తాను." కింద మీరు, "సరే అండి." మీరు రేపటి సంగతికి సరే అన్నారు, చిత్రంలో మాత్రం 18 వేల కోతకి ఒప్పుకున్నట్టు ఉంది. అతుకు ఎంత నున్నగా ఉంటే అంత గట్టిగా ఒప్పుకున్నట్టు! ఓనర్‌కి మీరే చేతికి ఆధారం ఇచ్చినట్టవుతుంది.

కాబట్టి పట్టీ చిన్నది చేయండి. అకౌంట్ నంబరు, ఐఎఫ్ఎస్సీ, పాన్ ఫొటో వరకే తీయండి. "రేపు సాయంత్రం" మెసేజ్ ఉండాల్సిందే, అందులో ఊరి సంగతి మీద కావాలంటే పూర్తి నల్ల పెట్టె వేయండి. ఇంకోటి, తీసే పట్టీలో మధ్యన తేదీ చూపించే చిన్న బిళ్ల ఉందేమో చూడండి. అది కూడా పోతే కింది మెసేజ్‌లన్నీ ముందు రోజువే అనిపిస్తాయి. కింద ఎక్కడైనా ఆ అకౌంట్ మెసేజ్‌ని కోట్ చేసి రిప్లై ఇచ్చి ఉంటే, అదే నంబరు అక్కడ మళ్లీ ఉంటుంది. చాలామంది దొరికేది అక్కడే.

మెసేజ్ బబుల్ మధ్యలోంచి కోయకూడదు, రెండు బబుళ్ల మధ్య ఖాళీలో కోయాలి. కంప్యూటర్‌లో ఇమేజ్‌మ్యాజిక్ అనే, కమాండ్ టైప్ చేసి చిత్రాలు కోసే ప్రోగ్రామ్ ఉంటే సులువు. ఉదాహరణకి చిత్రం 1080 వెడల్పు, 9600 ఎత్తు, తీయాల్సింది పైనుంచి 4210 నుంచి 4560 దాకా అనుకుందాం. అతుకు తెలియకుండా కలపాలంటే ఒక్క లైను చాలు:

```
magick chat.png -chop 0x350+0+4210 out.png
```

మీ విషయంలో నేనైతే ఇలా చేయను. రెండు ముక్కలు చేసి, మధ్యలో 40 పిక్సెళ్ల బూడిద రంగు పట్టీ పెట్టి కలుపుతాను:

```
magick chat.png -crop 1080x4210+0+0 +repage top.png
magick chat.png -crop 1080x5040+0+4560 +repage bottom.png
magick top.png -size 1080x40 xc:gray bottom.png -append final.png
```

వచ్చిన దాని ఎత్తు 9290 ఉండాలి. తేడా వస్తే ఎక్కడో ఒక వరుస ఎక్కువో తక్కువో పోయినట్టు. గ్రూపులో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, ఇంత పొడవు చిత్రాన్ని ఫొటోగా పంపితే కుదించేస్తుంది, అక్షరాలు చదవలేరు.

ఎల్బీనగర్ బుల్లెట్

అక్కా, బూడిద పట్టీ పెట్టేదుంటే కోయడం ఎందుకు? పూర్తి నల్ల పెట్టె అక్కడే వేస్తే పోలా? ఎంత దాచారో కూడా తెలుస్తుంది. కోస్తే పది మెసేజ్‌లు తీశాడా, ఒకటి తీశాడా అని ఎవడికి తెలుసు?

కోఠి డీటీపీ

ఆ పాయింట్ కొట్టిపారేయలేను. పాన్ ఫొటో పెద్దది కాబట్టి కోయమన్నాను. అకౌంట్ నంబరు ఒక్కటే అయితే పెట్టె చాలు. పట్టీ మీద "2 మెసేజ్‌లు, 1 ఫొటో తీసేశాను" అని రాస్తే నీ అనుమానం కొంత తీరుతుంది.

ఎల్బీనగర్ బుల్లెట్

రాసేది కూడా వాడేగా!

సిటీ సివిల్ కోర్టు జూనియర్

మీ ఇద్దరి వాదన గ్రూపు వరకే. విషయం కోర్టుకో వినియోగదారుల కమిషన్‌కో వెళ్తే కోసినదీ పనికిరాదు, నల్ల పెట్టె వేసినదీ బలంగా నిలబడదు. 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం అమల్లో ఉంది. ఎలక్ట్రానిక్ రికార్డుకి సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ ఇవ్వాలి, ఆ ఫారంలో ఫైల్ హ్యాష్, అంటే ఫైల్‌లోని డేటా నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి కోడ్, కూడా అడుగుతారు. ఒక్క పిక్సెల్ మారినా హ్యాష్ మారుతుంది. అందుకని అసలు స్క్రీన్‌షాట్‌ని ముట్టుకోకుండా వేరేగా దాచండి, కాపీ మీద మాత్రమే పని చేయండి. అంతకన్నా ముఖ్యం, ఫోన్‌లో చాట్ డిలీట్ చేయకండి. ఓనర్ వైపు కూడా అదే చాట్ ఉంది, మీరు కోసిన చోట ఏముందో ఆయన మొదటి రోజే చూపిస్తాడు.

సైనిక్‌పురి రిటైర్డ్

మరి స్టేట్‌మెంట్‌కి కూడా ఈ 63 వర్తిస్తుందా బాబూ? బ్యాంకు ముద్ర వేయించుకుంటే చాలదా?

సిటీ సివిల్ కోర్టు జూనియర్

బ్యాంకు పుస్తకాల కాపీలకి వేరే చట్టం ఉంది సార్, బ్యాంకర్స్ బుక్స్ ఎవిడెన్స్ యాక్ట్, 1891. వేరే థ్రెడ్ పెట్టండి, ఇక్కడ కలిపితే గందరగోళం.

మియాపూర్ అద్దెదారు

కింద ఒక చోట ఓనర్ నా అకౌంట్ మెసేజ్‌కి రిప్లైగా "అందింది" అని పెట్టాడు, కోట్‌లో నంబరు మొత్తం కనిపిస్తోంది. అదీ దాచాలి. అది కోస్తే "అందింది" పోతుంది, అందుకని అక్కడ నల్ల పెట్టె వేస్తున్నా, పైన బూడిద పట్టీ. ఒకే చిత్రంలో రెండు రకాలు ఉంటే గ్రూపువాళ్లకి అనుమానం రాదు కదా?

ఎల్బీనగర్ బుల్లెట్

వస్తుంది. అందుకే రెండు చోట్లా పెట్టెలే వేయమంటున్నా.

కోఠి డీటీపీ

రానివ్వండి. అడిగినవాళ్లకి అసలు చాట్ ఫోన్‌లో చూపించండి.